ఉల్టా చేసి చూడు

మా ఆపా "పాస్" అనకుండా మేం మెహందీ పెట్టిన పెళ్లికూతురు ఎవరూ పీట మీద నుంచి లేవలేదు. పెళ్లివారు ఎంత తొందరపెట్టినా, ముసలమ్మలు గుమ్మంలో నిలబడి ఎంత సణిగినా, ముందు ఫొటో తీయాలి, ఆపాకి పంపాలి, ఆమె చూడాలి. అప్పటిదాకా ఆ పిల్ల చేతులు చాపుకుని కూర్చోవాల్సిందే. "మీ ఆపా ఏమన్నా హైకోర్టు జడ్జా?" అని పత్తర్‌గట్టి దగ్గర ఒక పెళ్లికొడుకు మేనత్త నన్ను అడిగింది. అవునన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆపా జోలికొస్తే మరీను.

ఆపా అంటే అక్క అనే గానీ ఆమె నాకు తోబుట్టువు కాదు. మాది గేదెలున్న ఇల్లు. బహదూర్‌పురాలో మా గల్లీకి అవతల గల్లీ వాళ్లది. పాలు పోయడానికి వెళ్లి, వాకిట్లో నిలబడి ఆమె కోన్ పట్టుకునే తీరు చూస్తూ పాల క్యాన్ అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చిన పిల్లను నేను. మరుసటి రోజు ఆమె క్యాన్ ఇస్తూ చేతిలో ఒక కోన్ కూడా పెట్టింది. అంతే, అలా చేరిపోయాను. తర్వాత మరికొందరు పిల్లలు చేరారు. పెళ్లిళ్ల సీజన్‌లో మేం తలో ఇంటికి పోయేవాళ్లం. ఆపా అన్ని ఇళ్లకూ రాలేదు కాబట్టి ఫొటోలు.

ఆ ఫొటోకీ ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. చెయ్యి కింద తెల్లగుడ్డ పరచాలి. ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టాలి, వాలితే వేళ్లు పొడుగై అరచెయ్యి పొట్టిదైపోతుంది. ఫ్లాష్ వద్దు, తడి మెహందీ మీద మెరుపు పడి గీతల్ని మింగేస్తుంది. ముఖాలకు నునుపు పూసే ఫిల్టర్లు పెట్టి పంపితే ఆమె బూతులకు తక్కువ, దీవెనలకు ఎక్కువగా తిట్టేది. వీడియో కాల్‌ని అసలు నమ్మేది కాదు, అందులో గీత నిలవదని. మెహందీ ఆరకముందే, నిమ్మరసం చక్కెర అద్దకముందే పంపాలి. ఎందుకంటే తడిగా ఉన్నప్పుడు చేర్చాల్సింది చేర్చవచ్చు. తీసెయ్యడం మాత్రం అప్పటికే కష్టం. మంచి కోన్ అయితే తుడిచేలోపే నారింజ మచ్చ వదిలిపోతుంది.

ఆమె మూడు చూసేది. సఫాయి, బరాబర్, భర్తీ. సఫాయికి ఫొటోను పెద్దది చేసి, మణికట్టు దగ్గర ఒక గీతను పట్టుకుని వేలి కొసదాకా వేలితో వెంటాడేది. ఎక్కడ లావైందో, ఎక్కడ చెయ్యి వణికి బొట్టు పడిందో దొరికిపోయేవాళ్లం. భర్తీకి ఫోన్‌ను దూరంగా పట్టి, కళ్లు చికిలించి చూసేది. అప్పుడు పువ్వులూ తీగలూ కనిపించవు, నలుపెంత చర్మమెంత అన్నదే కనిపిస్తుంది. అన్నీ నింపేస్తే మంచి డిజైన్ అనుకునే పిల్లల్ని ఆమె దగ్గరికి రానిచ్చేది కాదు. వదిలిన జాగా కూడా పెట్టినట్టే లెక్క అనేది. ఇక బరాబర్ చూడటానికి ఫోన్‌ను రెండు చేతులతో తలకిందులు తిప్పేది. నిటారుగా చూస్తే కన్ను "ఇది పువ్వు, ఇది మామిడి పిందె" అని గుర్తుపట్టి మోసపోతుంది, తలకిందులైతే బరువు ఎటు ఒరిగిందో అదే చూస్తుంది. "ఉల్టా చేసి చూడు" అన్న మాట మేం ఆమె నోట ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. నిద్రలో కూడా అనేదేమో.

అట్లాంటి మనిషి, కూతురి పెళ్లి దగ్గరపడ్డాక, ఒక పొద్దున వంటింట్లో చాయ్ గిన్నె దించబోయి కుప్పకూలిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే బ్రెయిన్ స్ట్రోక్ అన్నారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కాస్త ముద్దగా వచ్చేది కానీ వచ్చేది. కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోయేది.

పెళ్లి వాయిదా వేద్దామని మగపిల్లాడి వైపువాళ్లే అన్నారు. మంచివాళ్లు. ఆపా ఒప్పుకోలేదు. మంచం మీద నుంచే అందర్నీ అదరగొట్టింది. నేను వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుంది, కుడిచేత్తో.

"నా బిడ్డ చేతులు నేనే పెడ్తనని ఎన్నడో అనుకున్న. నీకు తెల్సు గదా," అంది.

"తెల్సు ఆపా."

"చెయ్యి పోతే పాయె. కండ్లు ఉన్నయి గదా. నువ్వు పెట్టు. ఫొటో పంపు. నేను చూస్త. నేను పాస్ అంటె నేను పెట్టినట్టే."

ఆ మాటతో నా మీద ఎంత బరువు పడిందో ఆమెకు తెలియదనుకోను. తెలిసే పెట్టింది. గల్లీలో పిల్లలు పుట్టినప్పుడూ పెళ్లిళ్లు అయినప్పుడూ ఊరంతటి చేతులూ ఆమె పెట్టింది, కన్నబిడ్డ చేతుల కోసం మాత్రం ఒక డిజైన్‌ను ఎవరికీ పెట్టకుండా దాచుకుంది. అరచేతి నడుమ పెద్ద చాంద్, అంటే గుండ్రటి చందమామ. దాని చుట్టూ గాజులాగా ఖాళీ జాగా. బొటనవేలి వైపు నుంచి ఒక తీగ, చిటికెన వేలి వైపు నుంచి ఒక తీగ వచ్చి ఆ జాగా అంచున ఆగిపోవాలి, తాకకూడదు. వేలి కొసలు నిండుగా. చూడటానికి సులువు. పెట్టి చూస్తే తెలుస్తుంది. అంత ఖాళీ వదిలిన డిజైన్‌లో తప్పు దాచుకోవడానికి చోటుండదు.

పెళ్లికూతురు అప్పటికే మాంఝాలో కూర్చుంది. పసుపు బట్టలు కట్టి కూర్చోబెట్టాక పెళ్లిదాకా గడప దాటనివ్వరు. తల్లి ఆస్పత్రిలో ఉన్నా సరే, పెద్దవాళ్లు ససేమిరా అన్నారు. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి, చివరికి నాతో ఒక్కటే అంది.

"బాజీ, అమ్మీ పాస్ అనకపోతే కడిగేస్త. ఒట్టి చేతులతోనే నిఖాకి కూసుంట. ఎవలు ఏమన్న అనుకోనియ్యి."

ఆ మాట ఉత్తదే అనుకోవడానికి లేదు. తల్లి మొండితనం అంతా దానికే వచ్చింది.

మెహందీ రోజు పొద్దునే మొదలుపెట్టాను. కిటికీ పక్కన వెలుగు బాగుంది. ఆస్పత్రిలో ఆపా పక్కన ఆమె చెల్లెలు, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె ఉంది. ఫోన్ పట్టి చూపించడం ఆమె పని. మొదలుపెట్టే ముందు ఎట్లుందని అడిగితే ఖాలా నిట్టూర్చింది.

"తిండి సరిగ తింటలేదు బేటీ. ప్లేట్‌ల సగం తింటది, సగం గట్లనే ఇడుస్తది. ఒక దిక్కు మొత్తం గట్లనే ఉంటది. ఆకలి సచ్చిపోయింది పాపం."

అయ్యో అనుకుని కోన్ పట్టుకున్నాను. ఆ మాట దగ్గర ఆగి ఉంటే ఆ రోజు వేరేగా నడిచేది.

ఎడమచెయ్యి ముందు పెట్టాను. గొప్పగా వచ్చింది, నా నోటితో నేనే చెబుతున్నాను. చాంద్ అంచు గాజు బోర్లించి గీసినట్టు వచ్చింది. తీగలు రెండూ ఒకే బరువు. ఫొటో తీశాను, వేళ్లు పైకి, అరచెయ్యి ఎదురుగా. నేను కూడా ఉల్టా చేసి చూసుకున్నాను. పంపాను. కాసేపటికి ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాను, పెళ్లికూతురు కూడా వినాలి కదా.

"చాంద్ మంచిగొచ్చింది," అంది ఆపా. "చిటికెన దిక్కు తీగ బాగుంది. గీత ఎక్కడ ఒణకలే. గని బొటనవేలు దిక్కు తీగ ఏదే?"

"ఉంది గదా ఆపా."

"ఏది? నాకు కనపడ్తలేదు."

వెనక నుంచి ఖాలా గొంతు వినిపించింది. "నాకైతె అన్ని ఉన్నట్టే కొడ్తుంది ఆపా..."

"నీకేం తెల్సు ఈ పని? నువ్ ఫోన్ సక్కగ పట్టు," అని కసిరింది ఆపా.

నేను కూడా లోపల అదే అనుకున్నాను, ఖాలాకేం తెలుసని. ఆపాకి కనపడలేదంటే తీగ పలచగా ఉందని అర్థం, భర్తీ చాలలేదని అర్థం. పదేళ్లకు పైగా ఆమె తప్పంటే తప్పే, ఆమె ఒప్పంటే ఒప్పే. అందుకని ఆ తీగకు ఆకులు పెంచాను. గీత పక్కన ఇంకో గీత లాగాను. మళ్లీ ఫొటో.

"పెట్టలేదేందే ఇంక? నేను అడిగింది బొటనవేలు దిక్కు."

"పెట్టిన ఆపా."

"ఆడ ఏం లేదు. జల్ది పెట్టు, ఆరిపోతది."

పెళ్లికూతురు నా ముఖం చూస్తోంది, నేను చెయ్యి చూస్తున్నాను. ఆ తీగ పక్కన సన్నటి జాలీ అల్లాను, చిన్న చిన్న గళ్లు, గళ్లలో చుక్కలు. ఆ పని చేస్తుంటేనే నా వేళ్లు ఒప్పుకోవడం లేదు. వేళ్లకు తెలుస్తుంది ఎక్కడ ఆగాలో. కానీ ఆగమనే మనిషే ఇంకా ఇంకా అంటుంటే నేనెవరిని ఆపడానికి? జాలీ పోయి పోయి చాంద్ చుట్టూ వదిలిన జాగాలోకి ఒక పక్క చొచ్చుకుపోయింది. ఫొటో పంపాను.

"ఏమైందే నీకు?" ఆపా గొంతు పగిలింది. "నా బిడ్డ పెండ్లికే గిట్ల జేస్తవా? సగం చెయ్యి ఒట్టిగ పెట్టి పంపిస్తవా?"

ఆమె ఏడవడం నేనెప్పుడూ వినలేదు. భర్త పోయినప్పుడు కూడా మా ముందు ఏడవలేదు. ఫోన్‌లో ఆ ముద్దమాటతో పాటు ఎక్కిళ్లు వినపడ్డాయి. పెళ్లికూతురు చెయ్యి కదలకుండా పట్టుకునే ఏడుస్తోంది. కన్నీళ్లు మెహందీ మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది, ఆపా పెంచిన పిల్ల కదా.

"కడిగేస్త బాజీ," అంది.

"నోరు మూస్కో," అన్నాను. పెళ్లికూతుర్ని అట్లా అనొచ్చా? అన్నాను. కడిగినా ఆ నల్లటి జాలీ అంతా ఎర్రగా పండి అక్కడే ఉంటుందని దానికీ తెలుసు, నాకూ తెలుసు. కడిగి మళ్లీ పెడితే పాత మచ్చ మీద కొత్త గీత, రెండూ కనపడతాయి. ఏం చేయాలో తోచక కుడిచెయ్యి అందుకున్నాను. చెయ్యి ఊరికే ఉంటే నాకు పిచ్చెక్కుతుంది. కుడిచెయ్యికి అసలు డిజైన్ ఎట్లా ఉండాలో అట్లాగే పెట్టాను, పలచగా, జాగా వదిలి. దేవుడా ఇదన్నా నచ్చనీ అనుకుంటూ పంపాను.

"ఇది చూడు, గిట్లుండాలె!" అంది ఆపా. గొంతులో ప్రాణం వచ్చింది. "బొటనవేలు దిక్కు మస్తుగుంది. గట్లనే ఆ చేతికి గూడ పెట్టమన్న గదా. గని ఇప్పుడు చిటికెన దిక్కు ఇడిసిపెట్టినవ్. ఆడ తీగ ఏది?"

చిటికెన వైపు తీగ ఉంది. నా కళ్ల ముందే ఉంది. ఎడమచేతికి పెట్టినట్టే పెట్టాను, దాన్ని ఆమె బాగుందని కూడా అంది.

ఫోన్‌లో రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమచేతి ఫొటోలో బొటనవేలు ఎడమ పక్కన ఉంది. కుడిచేతి ఫొటోలో చిటికెనవేలు ఎడమ పక్కన ఉంది. ఆమె లేదన్న తీగలు రెండూ ఫొటోకి ఎడమ పక్కవే. అప్పుడు ఖాలా మాట గుర్తొచ్చింది, ప్లేట్‌లో ఒక దిక్కు మొత్తం అట్లనే ఉంటుందని.

"ఖాలా," అన్నాను. "అన్నం ప్లేట్‌ల ఏ దిక్కు ఇడుస్తది ఆపా?"

"ఎడమ దిక్కు. ఎందుకే?"

ఏం లేదన్నాను. కానీ నాకు ఇంకా నమ్మబుద్ధి కాలేదు. నమ్మకూడదనే అనుకున్నాను. ఎడమచేతి ఫొటోని, ఆ జాలీతో నల్లబడ్డదాన్ని, ఫోన్‌లో తలకిందులు తిప్పి పంపాను. ఆమె ఆరోగ్యంగా ఉంటే మొదటి ఫొటోనే రెండు చేతులతో తిప్పి చూసేది, చూస్తే ఆ తీగ అప్పుడే కనిపించేది. ఇప్పుడు తిప్పడానికి రెండో చెయ్యి లేదు. ఖాలాకి ఆ సంగతి తెలియదు. నాకు తెలిసీ తట్టలేదు.

"యా అల్లా!" అని అరిచింది ఆపా. "ఎవరు చెప్పిండ్రే నీకు గింత భర్తీ చెయ్యమని? బొటనవేలు దిక్కు నల్లగ ముద్ద జేసినవ్! చాంద్ చుట్టు జాగా ఏది? గిదేనా నేను నేర్పింది? నీ కండ్లు ఏడికి పోయినయే?"

పెళ్లికూతురు కూడా విన్నది. దానికి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు, తెలివైన పిల్ల. స్పీకర్ ఆపేసి, కోన్ పక్కన పెట్టి, నేను లేచి వెనక వాకిట్లోకి పోయాను. అక్కడ బట్టలు ఆరేసిన తాడు కింద నిలబడి ఏడ్చాను. ఆమె తిట్టినందుకు కాదు. ఆ తిట్టు నూటికి నూరుపాళ్లు సరైంది, అందుకు. ఆమె చూపులో పదునేమీ తగ్గలేదు. చూసిన సగంలో ఈగ కాలంత తప్పును కూడా పట్టేస్తోంది. మిగతా సగం ఉందని మాత్రం ఆమెకు తెలియడం లేదు. తెలియనిదాన్ని ఎట్లా వెతుక్కుంటుంది? కళ్లు ఉన్నాయి కదా అన్న మనిషికి నేను ఏ నోటితో చెప్పాలి?

లోపలికి వచ్చేసరికి పెళ్లికూతురు రెండు చేతులూ తెల్లగుడ్డ మీద పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

"ఇయ్యాల చెప్పకు బాజీ," అంది. "నీ కాళ్లు మొక్కుత. ఇయ్యాల మాత్రం చెప్పకు."

"చెప్ప," అన్నాను. "గని పాస్ ఎట్ల?"

మళ్లీ ఫోన్ చేశాను. తప్పైంది ఆపా, ఎక్కువ పెట్టాను, ఇప్పుడు ఏం చెయ్యాలి అని అడిగాను. ఆమె తిట్టడం ఆపి ఆలోచనలో పడింది. పని చెప్పేటప్పుడు ఆ గొంతులో ముద్ద కూడా తగ్గిపోయేది.

"ఇగ తీసుడు కాదు," అంది. "ఒక చెయ్యి బరువైతే రెండో చెయ్యి గూడ బరువు చెయ్యాలె. కుడిచేతి బొటనవేలు దిక్కు గూడ గదే జాలీ పెట్టు, గళ్లు అంతే సైజు ఉండాలె. చాంద్ దిక్కు రెండు చేతులకు సమానం రానియ్యి. చిటికెన దిక్కు జాగా ముట్టకు. రెండు చేతులు పక్కపక్కన పెడితే నడుమ తెలుపు, బయట నలుపు. జోడైతది."

ఆమె మాట ప్రకారమే పెట్టాను. అరచేతులు పైకి, చిటికెనవేళ్లు రెండూ తాకేట్టు పెట్టించి చూస్తే నిజంగానే జోడైంది. ఆమె దాచుకున్న డిజైన్ కాదు అది. అది ఆ పొద్దున్నే పోయింది, నా చేతుల మీదుగా. కానీ ఇది కూడా ఆమెదే. ఆస్పత్రి మంచం మీద ఒక పక్కకు ఒరిగిపోయి, సగమే కనపడుతున్నా, ఇంత పక్కాగా చెప్పింది.

రెండు చేతులూ కలిపి ఫొటో తీసి పంపాను. నేను అనుకున్నట్టే అయింది.

"ఒక్క చెయ్యే పంపినవేందే? ఇది మంచిగుంది. రెండోది పంపు."

అదే ఫొటోని తలకిందులు చేసి పంపాను. అప్పుడు ఎడమచెయ్యి ఆమెకు కనిపించే పక్కకు వచ్చింది. ఆమె చాలాసేపు చూసింది. ఖాలా చేత దూరంగా పట్టించింది, దగ్గరికి తెప్పించింది.

"పాస్," అంది. "రెండు పాస్. నిమ్మరసం కొట్టు."

పెళ్లికూతురు వంగి నా భుజానికి తల ఆనించింది, చేతులు మాత్రం గుడ్డ మీదే ఉంచి. సంతోషమో ఏడుపో దానికే తెలియదు. నాకు మాత్రం ఏ మాత్రం సంతోషం కలగలేదు. ఒకే ఫొటోని రెండుసార్లు పంపి, సగం సగంగా పాస్ తీసుకున్నాను. ఆమె నన్ను ఎప్పటిలాగే నమ్మింది, నేను మాత్రం ఆమె చూపును మొదటిసారి నమ్మలేదు.

నిఖా అయ్యాక కొత్త దంపతుల్ని నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాం. పెళ్లికూతురు మంచానికి ఎడమ వైపు వెళ్లబోతే నేను మోచెయ్యి పట్టి కుడివైపుకు లాగాను. ఆపా ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని చూసి, ముద్దుపెట్టుకుంది. అందరూ ఏడ్చారు. నేను ఆమె ముఖం చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాను.

తర్వాత పెద్ద డాక్టర్‌కి నేనే చెప్పాను, ప్లేట్ సంగతీ ఫొటో సంగతీ. ఆయన ఆపా ముందు కాగితం మీద కొన్ని గీతలు గీసి, ఒక్కో గీత మీద అడ్డగీత కొట్టమన్నాడు. ఆమె చకచకా కొట్టింది. కుడివైపు గీతలన్నీ అయ్యాయి, ఎడమవైపు ఒక్కటీ ముట్టుకోలేదు. అయిపోయిందని పెన్ను ఇచ్చేసింది. కంటికి ఏమీ కాలేదు, మెదడే ఎడమ దిక్కును పట్టించుకోవడం మానేసింది, కొందరికి మెల్లగా తిరిగొస్తుంది, ఎడమ వైపు నుంచి పిలుస్తూ ఉండండి, ఆ చెయ్యిని చూసుకునేలా చేయండి, అని ఆయన ఆమెకే చెప్పాడు. కాగితం తిప్పి చూపించాడు కూడా. ఆమె ఆ మిగిలిపోయిన గీతల్ని చూస్తూ ఉండిపోయింది.

డాక్టర్ వెళ్లాక నన్ను పిలిచింది.

"గా దినం ఫొటో ఉల్టా చేసి పంపినవ్ గదా."

"అవ్ ఆపా."

"అంటె నీకు తెల్సు."

తల ఊపాను.

"జాలీ నేనే పెట్టిచ్చిన్నా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆమె కళ్లలోకి చూస్తూ నాకు అబద్ధం రాదు. "అవ్ ఆపా" అన్నాను మళ్లీ.

ఆమె తన ఫోన్‌ను ఖాలా చేతికి ఇచ్చేసింది. "పోరీలకు చెప్పు, ఇగ ఫొటోలు నీకే పంపమను. నేను చూసుడు అయిపాయె," అంది. గోడవైపు తిరిగి పడుకుంది, కుడివైపు గోడకి. ఎంత పిలిచినా పలకలేదు. అంత నిస్సహాయంగా నేను ఎప్పుడూ నిలబడలేదు.

ఇంటికి వచ్చాక కూడా అంతే. ఫిజియో చేసే అమ్మాయి వచ్చి, ఎడమచెయ్యిని రుద్దుకోమని, దాన్నే చూస్తూ ఉండమని చెబితే, "గ దాంతోని నాకేం పని" అనేది. పిల్లలు ఎక్కడెక్కడి నుంచో నాకు ఫొటోలు పంపేవారు. నేను చూసేదాన్ని, పెద్దది చేసి, దూరంగా పట్టి, తలకిందులు తిప్పి. పాస్ అని రాయాలంటే వేళ్లు వచ్చేవి కావు. వీళ్లు ఎవరినని అడుగుతున్నారు, నేనెవరిని అనిపించేది. ఆమె దగ్గరికి వెళ్లి ఎడమవైపు కూర్చుని పిలిచేదాన్ని, తల తిప్పేది కాదు. తిప్పలేకో, తిప్పడం ఇష్టం లేకో నాకు తెలిసేది కాదు. ఆ రోజుల్లో ఇంటికి వచ్చి గేదెల మీద కూడా అరిచాను.

ఒక మధ్యాహ్నం పాలు కాస్తుంటే ఆమె ఫోన్ నుంచి ఫొటో వచ్చింది. పేరు చూసి పొయ్యి ఆపేశాను.

అది ఆమె చెయ్యే. పడిపోయిన ఎడమచెయ్యి. దిండు మీద తెల్లగుడ్డ, దాని మీద అరచెయ్యి, ముడుచుకునే వేళ్లను ఖాలా కొసలు పట్టుకుని విప్పి ఉంచింది. ఫొటో సరిగ్గా పైనుంచి, ఫ్లాష్ లేకుండా తీసి ఉంది. ఆ చేతిలో ఆమె తన కుడిచేత్తో మెహందీ పెట్టుకుంది. చిటికెన వైపు నుంచి తీగ వచ్చి ఆగింది, దాని పక్కన ఖాళీ జాగా, తర్వాత చాంద్, సగం. ఆ సగం దగ్గర గీత ఆగిపోయింది. బొటనవేలి వైపు అరచెయ్యి అంతా ఒట్టిదే. కూతురి కోసం దాచుకుని, నా చేతుల్లో పాడైపోయిన ఆ డిజైనే అది.

కింద ఖాలా టైప్ చేసింది, ఆపా చెప్పమందని. "సఫాయి, బరాబర్, భర్తీ. చూసి చెప్పు."

ఫొటో పెద్దది చేశాను. మణికట్టు దగ్గర గీతను పట్టుకుని వేలి కొసదాకా పోయాను. ఎక్కడా వణకలేదు, ఎక్కడా లావు కాలేదు. అంత సఫాయి మా ఎవరికీ రాదు. కళ్లు మసకబారి కొంగుతో తుడుచుకున్నాను. బాగుంది అని రాయొచ్చు. మస్తుంది ఆపా, షాబాష్ ఆపా అని రాయొచ్చు. ఆ ఇంట్లోకి వచ్చిపోయేవాళ్లందరూ ఇప్పుడు ఆమెతో అట్లాగే మాట్లాడుతున్నారు, చంటిపిల్లతో మాట్లాడినట్టు. ఆమె నన్ను అడిగింది అందుకు కాదు.

"సఫాయి పాస్. బరాబర్ ఫెయిల్. భర్తీ ఫెయిల్," అని రాశాను. "బొటనవేలు దిక్కు ఒట్టిగ ఇడిసిపెట్టినవ్. ఉల్టా చేసి చూడు."

పంపాక తీసేద్దామనుకున్నాను. అంతలోనే ఆమె చూసినట్టు ఫోన్‌లో నీలం టిక్ పడింది. పాలు చల్లబడి మీగడ కట్టాయి. వెళ్లి కాళ్లమీద పడదామా అని చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చాను.

అప్పుడు ఇంకో ఫొటో వచ్చింది. ఈసారి చెయ్యి తలకిందులుగా ఉంది, ఖాలా దిండునే తిప్పినట్టుంది. బొటనవేలి వైపు తీగ వచ్చింది. చాంద్‌లో మిగతా సగం కూడా వచ్చింది. రెండు సగాలూ సరిగ్గా కలవలేదు, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. కింద ఆమె తన గొంతు రికార్డు చేసి పంపింది. ముద్దగా, తడబడుతూ, కానీ అచ్చం ఆమె కోపంతోనే.

"కలుస్తలేదని నాకు కనపడ్తుంది. ఫెయిల్ అని రాయకు మళ్ల. రేపు కడిగి పెడ్త, రేపు చూడు."